ముప్పై రూపాయలకు కిలో దాణానా, గుప్పెడు బైపాస్ ఫ్యాటా?

చేతిలో ముప్పై రూపాయలు పట్టుకుని దాణా కొట్టుకు వెళ్లిన పాడి రైతు ఆ డబ్బుతో కిలో దాణా కొనవచ్చు. లేదా తెల్లటి పలుకుల్లా, కాస్త సబ్బు వాసనతో ఉండే బైపాస్ ఫ్యాట్ 200 గ్రాములు కొనవచ్చు. ధరలు ఊరికీ నెలకూ మారతాయి కాబట్టి లెక్క కోసం దాణా కిలో 30 రూపాయలు, బైపాస్ ఫ్యాట్ కిలో 150, ఆవు పాలు లీటరు 38 అనుకుందాం. మీ ఊరి ధరలు వేసుకుని ఇదే లెక్క మళ్లీ చేసుకోవచ్చు.

మంచి దాణా కిలో తింటే ఆవుకు వచ్చే శక్తి రెండు లీటర్ల పాలకు సరిపోతుంది. 200 గ్రాముల బైపాస్ ఫ్యాట్ నుంచి వచ్చేది లీటరుంబావుకు మించదు. అంటే రూపాయికి ఇంత శక్తి అని తూకం వేస్తే దాణాదే పైచేయి. మరి ఖరీదైన ఫ్యాట్ కొనడం ఎందుకు? దీనికి ఒక్కటే సరైన జవాబు ఉంది: ఆవు ఇక తినలేని స్థితిలో ఉన్నప్పుడు. ఆ స్థితి ఏ ఆవుకు, ఎన్నాళ్లు ఉంటుందో తెలిస్తే బస్తా కొనాలో వద్దో దానంతటదే తేలిపోతుంది.

పలమనేరు వైపు కొట్టాల్లో కనిపించే హెచ్‌ఎఫ్ సంకర ఆవును ఒకదాన్ని తీసుకుందాం. ఒళ్లు 450 కిలోలు, మూడో ఈత, ఈని నెల దాటింది, రెండు పూటలా కలిపి 20 లీటర్లు ఇస్తోంది. రోజుకు 20 కిలోల సూపర్ నేపియర్ కోసి వేస్తున్నారు, 3 కిలోల వేరుశనగ కట్టె, 8 కిలోల దాణా పెడుతున్నారు. ఇది చాలా మంచి మేపు. నీళ్ల బరువు తీసేస్తే దాదాపు 14 కిలోల పొడి మేత. ఈనిన నెలకే ఆ మాత్రం తినే ఆవు దొరకడం రైతు అదృష్టం. అయినా ఆ మేతలోని శక్తి దాని ఒంటి పోషణకు పోగా పదిహేడు లీటర్ల పాలకే సరిపోతుంది. మిగతా మూడు లీటర్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి? దాని వెన్ను మీది కొవ్వు నుంచి.

ఈనిన ఆవుకు పాలు ఆరు నుంచి ఎనిమిది వారాల్లో గరిష్ఠానికి చేరతాయి. ఆకలి మాత్రం పది, పన్నెండు వారాలకు గానీ పూర్తిగా తెరుచుకోదు. ఈ మధ్య కాలమంతా ఆవు తిన్నదానికన్నా ఎక్కువ ఇస్తుంది, ఆ తేడాను ఒంట్లో దాచుకున్న కొవ్వు కరిగించి పూడ్చుకుంటుంది. ఒంటి బరువు కిలో కరిగితే ఆరేడు లీటర్ల పాలకు శక్తి వస్తుంది. మన ఆవు రోజుకు మూడు లీటర్ల శక్తిని ఒంట్లోంచి తీసుకుంటోంది కాబట్టి, రెండు నెలల్లో పాతిక కిలోలు తరుగుతుంది. ఈ మాత్రం తరుగు పాడి ఆవుకు సహజం. దీనికి మించి తగ్గితే వెన్నెముక, తుంటి ఎముకలు పైకి తేలతాయి, ఎదకు రావడం ఆలస్యమవుతుంది, వచ్చినా చూడి కట్టదు. పశువైద్యులు ఒంటి కండకు ఒకటి నుంచి అయిదు వరకు మార్కులు వేస్తారు. ఈనేటప్పుడు మూడు, మూడున్నర ఉండాలి. అక్కడి నుంచి అర మార్కు దిగితే ఫర్వాలేదు, నిండుగా ఒక మార్కు దిగిందంటే ఆ ఈతలో గర్భం దగ్గర చిక్కులు తప్పవు.

లోటు పూడ్చడానికి ఇంకో రెండు కిలోల దాణా వేస్తే? ఇప్పటికే తినేదాంట్లో సగానికి పైగా దాణాయే. ఇంకా పెంచితే పెద్ద పొట్టలో పులుపు పెరుగుతుంది. నెమరు తగ్గుతుంది, పేడ పలచబడుతుంది, పాలలో వెన్న పడిపోతుంది, కొన్నాళ్లకు గిట్టల వాపు కూడా రావచ్చు. పైగా పొట్టలో చోటు పరిమితం. దాణా పెరిగితే గడ్డి తగ్గుతుంది. బైపాస్ ఫ్యాట్‌కు పని పడేది ఇక్కడే. అదే బరువులో ధాన్యానికి రెట్టింపుకు పైగా శక్తి దానిలో ఉంటుంది, పులుపు పెంచదు, చోటు ఆక్రమించదు.

అలాంటప్పుడు వంటనూనె పోయకూడదా అని చాలామంది అడుగుతారు, కొందరు పోస్తారు కూడా. ఆవు పెద్ద పొట్ట ఒక పులియబెట్టే తొట్టి. గడ్డిలోని పీచును విరిచేది ఆవు కాదు, ఆ తొట్టిలోని సూక్ష్మజీవులు. నూనె ఎక్కువైతే పీచుకు పూతలా అంటుకుంటుంది, పీచు విరిచే జీవుల్ని దెబ్బ తీస్తుంది. తినే పొడి మేత మొత్తంలో కొవ్వు నూటికి అయిదారు పాళ్లు దాటితే ఈ నష్టం మొదలవుతుంది. నూనెతో వచ్చిన శక్తి కన్నా అరగని గడ్డితో పోయిన శక్తే ఎక్కువవుతుంది.

ఈ చిక్కుకు దారి 1980ల తొలినాళ్లలో అమెరికాలోని ఒహాయోలో దొరికింది. పామ్‌క్విస్ట్, జెంకిన్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కొవ్వు ఆమ్లాలను సున్నంలోని కాల్షియంతో కలిపి ఒక రకం సబ్బుగా మార్చారు. పెద్ద పొట్టలో పులుపు తక్కువ కాబట్టి ఆ సబ్బు అక్కడ కరగదు, సూక్ష్మజీవుల జోలికి పోదు. నాలుగో పొట్టలో మన కడుపులోలాగే గాఢమైన ఆమ్లం ఉంటుంది. అక్కడ కాల్షియం ఒకవైపు, కొవ్వు ఒకవైపు విడిపోతాయి, కొవ్వు చిన్నపేగులో అరుగుతుంది. నేడు మార్కెట్‌లో దొరికే బైపాస్ ఫ్యాట్‌లో ఎక్కువ భాగం పామాయిల్ నుంచి ఇలా చేసిందే. సుమారు 84 శాతం కొవ్వు, 9 శాతం కాల్షియం ఉంటాయి. రెండో రకం పామ్ కొవ్వునే గట్టిపరిచి పూసల్లా చేసింది. అది పొట్ట వేడికి కరగదు కాబట్టి ముందుకు జారిపోతుంది.

ఈ సంగతి తెలిస్తే మన ఇళ్లలో జరిగే ఒక పొరపాటు అర్థమవుతుంది. కాల్షియం రకం ఫ్యాట్‌ను పులిసిన కుడితిలో కలిపి తాగించకూడదు. పుల్లటి కుడితిలో ఆ సబ్బు తొట్టిలోనే విడిపోవడం మొదలుపెడుతుంది. అలా విడిపోయిన కొవ్వు మామూలు నూనెతో సమానం. దాణా మితిమీరి పొట్ట పులిసిన ఆవులోనూ ఇదే జరుగుతుంది. అంటే పొట్టలో పులుపును సరిచేయకుండా ఫ్యాట్ కొనడం డబ్బు పేడలో కలపడమే. పొడి దాణాలో కలిపి పెట్టాలి. మొదటి రోజే 200 గ్రాములు వేస్తే ఆ వాసనకు ఆవు దాణాను వాసన చూసి వదిలేస్తుంది. 50 గ్రాములతో మొదలుపెట్టి వారం, పది రోజుల్లో పెంచుకుంటూ పోవాలి. ఫ్యాట్ కలిపాక దాణా మిగులుస్తోందా అన్నది మొదటి వారంలో గమనించాల్సిన ముఖ్య విషయం. అర కిలో దాణా మిగిలిస్తే వంద గ్రాముల ఫ్యాట్ లాభం అక్కడికక్కడే పోయినట్టు.

ఇప్పుడు డబ్బు. 200 గ్రాములకు రోజుకు 30 రూపాయలు. వచ్చిన శక్తి పూర్తిగా పాలలోకి వెళ్తే లీటరుకు కాస్త పైన, అంటే 38 నుంచి 45 రూపాయలు. వెన్న శాతం కొద్దిగా పెరగవచ్చు. ఎస్‌ఎన్‌ఎఫ్ మాత్రం కొద్దిగా దిగవచ్చు, ఎందుకంటే కొవ్వు ఎక్కువ తిన్నప్పుడు పాలలో ప్రోటీన్ శాతం స్వల్పంగా తగ్గడం ఈ మేపులో తరచూ కనిపించేదే. మీ పాలకేంద్రం ఎస్‌ఎన్‌ఎఫ్ తగ్గితే ధర కోస్తుందనుకోండి, ఆ కోత కూడా లెక్కలో వేయాలి. ఎలా చూసినా రోజుకు పది, పదిహేను రూపాయలు మించి మిగలదు. లీటరు 32 రూపాయలు పలికే చోట అదీ అనుమానమే. అమ్మేవాళ్లు చెప్పే రెండు, మూడు లీటర్ల పెరుగుదలకు 200 గ్రాముల్లో శక్తి లేదు.

ఒకవేళ పాలు పెరగకపోతే ఫ్యాట్ వృథా అయినట్టేనా? కానక్కర్లేదు. ఆ శక్తి ఆవు ఒంటిని కాపాడి ఉండవచ్చు. రెండు నెలల్లో పాతిక కిలోలు తరగాల్సింది పద్నాలుగు, పదిహేను కిలోలతో ఆగుతుంది, ఎద ముందే రావచ్చు. ఒక ఎద తప్పితే ఇరవై ఒక్క రోజులు పోతాయి కాబట్టి ఇది చిన్న లాభం కాదు. కాకపోతే ఇదే శక్తి పాలలోకీ వెళ్లి, ఒంట్లోనూ మిగలడం కుదరదు. రెండు లాభాలనూ కలిపి చూపే ప్రకటనను నమ్మకండి.

పన్నెండు లీటర్ల ఆవు సంగతి చూద్దాం. దానికి అయిదారు కిలోల దాణా, కడుపునిండా పచ్చిమేత పెడితే లోటే ఉండదు. దానికి వేసిన ఫ్యాట్ ఒంటికి పడుతుంది, పాలకు కాదు. దానికి రోజుకు 30 రూపాయలు ఖర్చు పెడితే ఆవు నున్నగా కనిపిస్తుంది, అంతే. నా అంచనాలో 15 లీటర్లకు దిగువ ఆవుకు బైపాస్ ఫ్యాట్ అవసరం అరుదు. ఒక మినహాయింపు ఎండాకాలం. ఏప్రిల్, మే నెలల్లో ఆవు వేడికి మేత తగ్గిస్తుంది. గడ్డి అరిగేటప్పుడు ఒంట్లో పుట్టే వేడి ఎక్కువ, కొవ్వు అరిగేటప్పుడు తక్కువ. ఆ రెండు నెలలు పద్నాలుగు, పదిహేను లీటర్ల ఆవుకు వంద గ్రాములు వేయడం అర్థవంతమే. నీడ, నీళ్లు సరిగా ఉన్నాకే సుమా.

బైపాస్ ప్రోటీన్ లెక్క దీనికి పూర్తిగా వేరు. ఆవు తిన్న చెక్కలోని ప్రోటీన్‌ను పెద్ద పొట్టలోని జీవులు విరిచి అమ్మోనియాగా మారుస్తాయి. గింజల్లోని పిండి నుంచి శక్తి అందితే ఆ అమ్మోనియాతో తమ ఒళ్లు పెంచుకుంటాయి. తర్వాత ఆ జీవులే కిందికి జారి ఆవుకు ఆహారమవుతాయి. ఎనిమిది లీటర్ల ఆవుకు కావాల్సిన ప్రోటీన్‌లో మూడింట రెండు వంతులు ఇలా సూక్ష్మజీవుల రూపంలోనే అందుతుంది. మిగతాది మామూలు చెక్కలో విరగకుండా తప్పించుకుపోయే భాగమే ఇచ్చేస్తుంది. ఆ ఆవుకు బైపాస్ ప్రోటీన్ కొనడం అనవసరం.

20 లీటర్ల మన ఆవుకు జీవుల నుంచి వచ్చేది అవసరంలో సగమే. మిగతా సగం విరగకుండా నేరుగా చిన్నపేగుకు చేరాలి. రాయలసీమలో ఎక్కువ దొరికేది వేరుశనగ చెక్క. అదేమో పెద్ద పొట్టలో అతి వేగంగా విరిగే చెక్కల్లో ఒకటి, నూటికి డెబ్బై పాళ్లు అక్కడే అమ్మోనియా అయిపోతుంది. జీవులు వాడుకోలేని అమ్మోనియా రక్తంలోకి వెళ్లి, కాలేయంలో యూరియాగా మారి మూత్రంలో పోతుంది. అలా మార్చడానికి కూడా ఆవు శక్తి ఖర్చు పెట్టాలి. ఖరీదైన ప్రోటీన్ పోయి, పోగొట్టడానికి శక్తీ పోతుంది.

చెక్కను కొద్దిపాటి ఫార్మాల్డిహైడ్‌తో శుద్ధి చేస్తే ప్రోటీన్ పోగులు ఒకదానికొకటి కట్టుకుపోతాయి. పెద్ద పొట్టలోని జీవులకు ఆ కట్లు విప్పడం కష్టం, నాలుగో పొట్టలోని ఆమ్లం విప్పేస్తుంది. 1960లలో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు గొర్రెల ఉన్ని కోసం చేసిన పరిశోధన ఇది. మన దేశంలో ఆనంద్‌లోని ఎన్‌డీడీబీ దీన్ని మన చెక్కలకు తగ్గట్టు మలిచింది. శుద్ధి చేసిన చెక్కను గాలి చొరబడకుండా మూసి తొమ్మిది రోజులు ఉంచుతారు. దాంతో విరగకుండా దాటిపోయే భాగం 30 పాళ్ల నుంచి 70 పాళ్లకు పెరుగుతుంది. ఇది కర్మాగారంలో కొలిచి చేసే పని. ఫార్మలిన్ సీసా కొని ఇంట్లో చల్లుకోవడం కుదరదు. ఆ ఆవిరి పీల్చేవాళ్లకు ప్రమాదం, మోతాదు ఎక్కువైతే కట్లు నాలుగో పొట్టలోనూ విడవక ప్రోటీన్ పేడలో పోతుంది.

మన ఆవుకు విరగని ప్రోటీన్ రోజుకు సుమారు 150 గ్రాములు తక్కువ పడుతోంది. దాణాలోని ఒక కిలో మామూలు వేరుశనగ చెక్కను తీసి శుద్ధి చేసిన చెక్క కిలో పెడితే దాదాపు 170 గ్రాములు అదనంగా అందుతుంది. లోటు తీరినట్టే. శుద్ధి చేసిన చెక్క కిలోకు ఆరు రూపాయలు ఎక్కువ పడిందనుకుంటే, పాలు 160 మిల్లీలీటర్లు పెరిగినా ఖర్చు వచ్చేస్తుంది. ఫ్యాట్‌కు ముప్పావు లీటరు పెరిగితే గానీ అసలు రాదు, ప్రోటీన్‌కు చిన్న గ్లాసెడు చాలు. అందుకే రెండింట్లో ఒకటే కొనగలిగితే ముందు ప్రోటీన్ కొనమంటాను. పది లీటర్లు దాటిన ఆవుకు దీన్ని ఆలోచించవచ్చు.

కాకపోతే ఇక్కడ ఒక గుంట ఉంది. కోస్తా డెల్టాలో ఆవుకు ప్రధాన మేత వరిగడ్డి. అందులో ప్రోటీన్ దాదాపు శూన్యం. దాన్ని అరిగించే జీవులకు అమ్మోనియా కావాలి. అక్కడ చెక్క మొత్తం బైపాస్ రకమే వేస్తే పొట్టలోని జీవులు పస్తుంటాయి, వరిగడ్డి అరగదు, ఆవు మేత తగ్గిస్తుంది, పాలు దిగుతాయి. ఖరీదైన దాణా కొని పాలు తగ్గించుకున్నట్టవుతుంది. మేతలోని మొత్తం ప్రోటీన్‌లో విరగని భాగం 35, 40 శాతానికి మించకుండా చూసుకోవాలి. అంటే కిలో బైపాస్ చెక్కతో పాటు మామూలు చెక్క కొంత, కుదిరితే పిల్లిపెసర, అలసంద, లూసర్న్ లాంటి పప్పుజాతి పచ్చిమేత కొంత ఉండాల్సిందే.

కొన్ని మేతల్లో విరగని ప్రోటీన్ సహజంగానే ఎక్కువ. కోనసీమలో దొరికే కొబ్బరి చెక్క, గుంటూరు, వరంగల్ వైపు పత్తిగింజ చెక్క, మొక్కజొన్న గ్లూటెన్, సుబాబుల్ ఆకు ఇందుకు పనికొస్తాయి. పత్తిగింజ చెక్క ఎక్కువ వేసే తెలంగాణ రైతుకు శుద్ధి చేసిన చెక్కతో వచ్చే లాభం వేరుశనగ చెక్క వాడే చిత్తూరు రైతు కన్నా తక్కువ. ఫ్యాట్ విషయంలోనూ ఇలాంటి ఆసరా ఉంది. చెక్క తీయని పత్తిగింజలు కిలో వేస్తే 180 గ్రాముల దాకా నూనె అందుతుంది. గింజలోంచి నెమ్మదిగా ఊరుతుంది కాబట్టి నూనె పోసినంత నష్టం చేయదు. రోజుకు రెండు కిలోలు మించవద్దు, దూడలకు అసలు వద్దు, వాటిలోని గాసిపాల్ విషం.

ఇక, పెట్టింది పని చేసిందో లేదో ఎలా తెలుస్తుంది? చాలామంది ఈనిన పదిహేను రోజులకు బస్తా విప్పుతారు. అప్పటికి పాలు ఎలాగూ పెరిగే కాలమే. నెల తిరిగేసరికి మూడు లీటర్లు పెరిగితే ఆ ఘనత బస్తాకు పోతుంది. సరైన పరీక్ష పాలు గరిష్ఠానికి చేరి నిలబడ్డాక చేయాలి. మిగతా మేత ఏమీ మార్చకుండా ఫ్యాట్ ఒక్కటీ పది రోజులు ఆపండి, పూటపూటా పాలు కొలిచి రాయండి, మళ్లీ మొదలుపెట్టి పది రోజులు రాయండి. తేడా ముప్పావు లీటరుకు పైన ఉంటే కొనసాగించండి. ఒకే దశలో ఉన్న రెండు ఆవులుంటే ఒకదానికి పెట్టి ఒకదానికి ఆపి చూడటం ఇంకా మేలు. పాలతో పాటు ఒంటి కండ కూడా పదిహేను రోజులకోసారి చేత్తో తడిమి చూడండి. కంటి అంచనా కన్నా తుంటి మీద చెయ్యి వేస్తే నిజం తెలుస్తుంది.

సరుకు నాణ్యత విషయంలో సంచి మీద కొవ్వు, కాల్షియం శాతాలు చదవండి. కాల్షియం రకాన్ని కొంచెం గోరువెచ్చని నీళ్లలో వేసి కలిపితే పైకి నూనె తేలకూడదు. తేలిందంటే అందులో సబ్బుగా మారని కొవ్వు ఉన్నట్టు. ఇది ప్రయోగశాల పరీక్షకు సాటి రాదు గానీ మరీ నాసిరకాన్ని పట్టిస్తుంది.

ఈ రెండింటికన్నా ముందు ఖనిజ లవణ మిశ్రమం, ఎప్పుడూ తొట్టిలో నీళ్లు, పచ్చిమేత ఉన్నాయా అని చూసుకోండి. అవి లేని కొట్టంలో ఫ్యాట్ బస్తాకు పెట్టే డబ్బును నేపియర్ కణుపులు నాటడానికి మళ్లిస్తే లాభం ఎక్కువ. అవన్నీ ఉన్న కొట్టంలో 15 లీటర్లు దాటిన ఆవుకు ఈనినప్పటి నుంచి 90, 100 రోజుల దాకా ఫ్యాట్ పెట్టండి. ఒళ్లు నిలబడి, చూడి కట్టిందని తేలిన రోజున ఆపేయండి. ప్రోటీన్ మాత్రం పాలు పది లీటర్లకు దిగే దాకా ఉంచవచ్చు.